వేరొకరి ఖాతా ఉత్తరాలు మీ ఈమెయిల్‌కు వస్తుంటే ఏం చేయాలి? ఒక బండి అప్పు ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

గత ఏడాది జూన్ మొదటి వారంలో ఒక ఫైనాన్స్ కంపెనీ నుంచి నా ఈమెయిల్‌కు స్వాగత లేఖ వచ్చింది. ద్విచక్ర వాహనం కోసం అడిగిన అప్పు మంజూరైందని, మొదటి వాయిదా జూలై 5న ఖాతా నుంచి తీసుకుంటామని అందులో ఉంది. పేరు నాదే, ఇంటిపేరు మొదటి అక్షరమూ నాదే, కానీ నేను బండి కొనలేదు, ఆ ఊరికి ఎన్నడూ వెళ్లలేదు. పొరపాటున వచ్చిందనుకుని పట్టించుకోలేదు. నెల తిరిగేసరికి బీమా పాలసీ వచ్చింది, ఆ తరువాత సర్వీసింగ్ గుర్తుచేసే ఉత్తరాలు మొదలయ్యాయి, ఆగస్టులో వాయిదా బౌన్స్ అయిందని నోటీసు వచ్చింది. ఆ నోటీసు చేరవలసిన మనిషికి అది చేరలేదన్న సంగతి అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఆమెకు జరిమానా పడుతోంది, ఆమె కాగితాలన్నీ ముక్కూముఖం తెలియని నా దగ్గర పోగవుతున్నాయి.

ఈ చిక్కును విడదీయడానికి నాకు దాదాపు రెండున్నర నెలలు పట్టింది. అందులో సగం కాలం తప్పు దారిలో పోయింది. సరైన క్రమం ముందే తెలిసి ఉంటే మూడు నాలుగు వారాల్లో పూర్తయ్యే పని అది. ఆ క్రమాన్నే ఇక్కడ వివరిస్తున్నాను. నాకు జీమెయిల్ ఉంది కాబట్టి తెరమీద కనిపించే మాటలన్నీ దానివే ఇస్తున్నాను, అయితే పద్ధతి ఏ ఈమెయిల్‌కైనా ఒకటే.

## ముందుగా, ఇది ఎలా జరుగుతుందో

చాలామంది మొదట అనుకునేది, తన చిరునామా లాంటిదే మరొకరికి కూడా ఉందని, మధ్యలో ఒక చుక్క మాత్రమే తేడా అని. జీమెయిల్‌లో అలా జరగడానికి వీలు లేదు. `@gmail.com` చిరునామాలో `@` కు ముందున్న చుక్కలను గూగుల్ లెక్కలోకి తీసుకోదు. `peru.inti@gmail.com` అని రాసినా, `peruinti@gmail.com` అని రాసినా, `p.eruinti@gmail.com` అని రాసినా అవన్నీ ఒకే పెట్టెకు చేరతాయి, ఆ పెట్టె ఒక్కరిదే. కార్యాలయాలు, కళాశాలలు తమ సొంత డొమైన్‌తో, అంటే `@` తరువాత తమ పేరుతో, వాడుకునే గూగుల్ ఖాతాల్లో మాత్రం చుక్కలకు విలువ ఉంటుంది. కాబట్టి చుక్క ఉన్న రూపానికి వచ్చిన ఉత్తరం మీకు చేరిందంటే, గూగుల్ ఎక్కడో పొరబడి మీకు ఇచ్చిందని కాదు, అవతలి వ్యక్తి మీ చిరునామానే రాశారని అర్థం.

ఆ వ్యక్తి అసలు చిరునామాలో చివర ఒక అంకె ఉండి ఉంటుంది. `peru.inti87@gmail.com` అని చెప్పవలసిన చోట 87 జారిపోతుంది. తెలుగువారి పేర్లలో ఇందుకు మరికొన్ని కారణాలున్నాయి. ఒకే పేరును ఒకరు లక్ష్మి అని `ksh` తో రాస్తారు, మరొకరు `x` తో రాస్తారు. సునీత చివర కొందరు `ta` అంటారు, కొందరు `tha` అంటారు. శ్రీనివాస్‌లో `Sri`, `Sree` రెండూ ఉన్నాయి. పైగా ఇంటిపేరు ముందుండే మన అలవాటుకూ, పేరు ముందు రాయమనే దరఖాస్తులకూ పొత్తు కుదరక, పొడి అక్షరం ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ పోతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, చిరునామాను టైపు చేసేది తరచుగా దాని సొంతదారు కాకపోవడం. షోరూమ్‌లో కౌంటరు దగ్గరున్న ఉద్యోగి విన్నది విన్నట్టు కొడతాడు, ఖాతాదారు తెర వైపు చూడరు. కంపెనీ ధ్రువీకరణ లేఖ పంపి, బదులు వచ్చేదాకా ఆగితే ఈ తప్పు అక్కడే తేలిపోతుంది. మొబైల్ నంబరుకు ఓటీపీ పంపి సరిచూసే కంపెనీలు కూడా ఈమెయిల్‌ను సరిచూడకుండానే నమోదు చేసుకోవడం వల్లే మన దగ్గర ఈ సమస్య ఇంతగా ఉంది.

## మొదటి అడుగు: పొరపాటా, మీ పేరుమీద మోసమా?

వచ్చిన ఉత్తరంలో మీ ఈమెయిల్ మాత్రమే ఉందా, లేక మీ పాన్, మీ ఫోను నంబరు, మీ ఇంటి చిరునామా కూడా ఉన్నాయా అన్నది ముందు చూడాలి. ఈ రెండింటికీ నడవవలసిన దారులు వేరు. ఉత్తరం పైభాగంలోనే సాధారణంగా ఊరు, ఫోను నంబరులో చివరి నాలుగు అంకెలు కనిపిస్తాయి. అవి మీవి కాకపోతే అది చాలావరకు టైపింగ్ పొరపాటే.

అప్పుకు సంబంధించిన ఉత్తరమైతే ఈ ఒక్క పరీక్షతో ఆగకూడదు. మన దేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలున్నాయి. వీటిలో ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒక పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. ఆ సంస్థ సొంత వెబ్‌సైటు నుంచి నివేదిక తీసుకుని, ఆ అప్పు మీ పేరున నమోదైందేమో చూడాలి. కొత్త అప్పు నివేదికలోకి ఎక్కడానికి కొన్ని వారాలు పట్టవచ్చు కనుక, వెంటనే కనిపించలేదని ధీమాపడకుండా నెలన్నర తరువాత చూడడం మంచిది. నేను జూలై చివర చూశాను, అందులో ఆ అప్పు లేదు. అంటే పాన్ నాది వాడలేదని తేలింది, నా మనసు కుదుటపడింది.

ఒకవేళ అది మీ నివేదికలో కనబడితే, ఇకపై చెప్పేదంతా పక్కన పెట్టండి. అది తప్పు చిరునామా సమస్య కాదు. ఆ క్రెడిట్ సంస్థకూ, అప్పిచ్చిన కంపెనీకీ రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపి, `cybercrime.gov.in` లో గానీ 1930 నంబరుకు గానీ ఫిర్యాదు చేయాలి.

## రెండవ అడుగు: ఉత్తరం నిజమైనదేనా?

పొరపాటున వచ్చినట్టు కనిపించే ఉత్తరం మోసగాడి వల కూడా కావచ్చు. తనకు తెలియని అప్పు నోటీసు చూసిన మనిషి కంగారుపడి లింకు నొక్కుతాడన్నదే వాళ్ల ఆశ. అందువల్ల లింకుల జోలికి వెళ్లకముందే ఉత్తరం పుట్టుక చూడాలి.

కంప్యూటరులో జీమెయిల్ తెరిచి, పంపినవారి పేరు కింద ఉండే చిన్న బాణం గుర్తును నొక్కితే `mailed-by`, `signed-by` అనే వరుసలు కనిపిస్తాయి. ఇంకా లోతుగా చూడాలంటే కుడివైపు మూడు చుక్కల మెనూలో `Show original` ఎంచుకోవాలి. ఈ ఎంపిక ఫోను యాప్‌లో దొరకదు. అక్కడ పైభాగంలో, ఉత్తరం నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే మూడు పరీక్షల ఫలితాలతో ఇలాంటి వరుసలుంటాయి:

```
To:     peru.inti@gmail.com
SPF:    PASS
DKIM:   PASS with domain example.com
DMARC:  PASS
```

ఇక్కడ చాలామంది `PASS` అనే మాట చూసి తృప్తిపడతారు. అది సరిపోదు. మోసగాడు తన సొంత డొమైన్ కొనుక్కుని దాని నుంచి పంపినా `PASS` అనే వస్తుంది. చూడవలసినది `with domain` తరువాత ఉన్న పేరును. అది ఆ కంపెనీ అసలు వెబ్‌సైటు పేరేనా, లేక ఒక అక్షరం అటూఇటూ మార్చిన పేరా అన్నది, వెబ్‌సైటును విడిగా వెతికి తెరిచి పోల్చుకోవాలి. పెద్ద కంపెనీలు తమ ఉత్తరాలను వేరే సంస్థల ద్వారా పంపిస్తాయి కాబట్టి `mailed-by` దగ్గర తెలియని పేరు ఉన్నంత మాత్రాన అనుమానించనక్కరలేదు. సంతకం చేసిన డొమైన్ మాత్రం కంపెనీది అయి ఉండాలి.

`To` వరుస మరొక విషయం చెబుతుంది. అవతలి వ్యక్తి మీ చిరునామాను ఏ రూపంలో రాశారో అక్కడ యథాతథంగా ఉంటుంది. మీరు ఎప్పుడూ చుక్క లేకుండా వాడుతూ, అక్కడ చుక్కతో ఉంటే, ఆ ఖాతా మీది కాదనడానికి అది గట్టి గుర్తు. ఈ గుర్తు మరొక ప్రమాదం నుంచి కూడా కాపాడుతుంది. ఉత్తరం నిజంగా కంపెనీదే అయినా, దాని వెనక ఖాతా తెరిచినవాడు మోసగాడు కావచ్చు. మీకు సభ్యత్వం ఉన్న సినిమాల యాప్‌లోనే మీ చిరునామాను చుక్క మార్చి అతడు రెండవ ఖాతా తెరుస్తాడనుకోండి. కొన్నాళ్లకు కార్డు పనిచేయడం లేదని, కొత్త కార్డు వివరాలు ఇవ్వమని కంపెనీ నుంచి నిజమైన ఉత్తరమే మీకు వస్తుంది. మీ ఖాతాయే అనుకుని మీరు కార్డు వివరాలు ఇస్తే అతడి బిల్లు మీరు కట్టినట్టు అవుతుంది. కాబట్టి డబ్బు కట్టమని వచ్చిన ఏ ఉత్తరానికైనా, అందులోని లింకు నుంచి కాక, మీరు రోజూ వాడే యాప్ తెరిచి చూసుకోవడమే క్షేమం.

## మూడవ అడుగు: ఖాతాను తాకకండి

సాయం చేయాలనుకునే మంచి మనుషులే ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడ. ‘పాస్‌వర్డ్ మరచిపోయాను’ నొక్కితే లింకు నా పెట్టెకే వస్తుంది, లోపలికి వెళ్లి చిరునామా తీసేసి బయటికి వస్తే చాలు కదా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అది చేయకూడదు.

ఉత్తరం మీ పెట్టెకు వచ్చినంత మాత్రాన ఖాతాలోకి వెళ్లే అనుమతి మీకు వచ్చినట్టు కాదు. సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43వ సెక్షన్, సొంతదారు అనుమతి లేకుండా కంప్యూటరు వ్యవస్థలోకి ప్రవేశించడాన్ని తప్పుగా చూస్తుంది. ఆ పనిని మోసబుద్ధితో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీ బుద్ధి మంచిదే కావచ్చు. కానీ మీరు పాస్‌వర్డ్ మార్చిన మరునాడే ఆ ఖాతాలో మరేదైనా గొడవ జరిగితే, చివరిసారి లోపలికి వెళ్లినది మీరేనని కంపెనీ రికార్డులో ఉంటుంది. అసలు ఖాతాదారు లోపలికి రాలేక వీధిన పడటం సరేసరి.

పాస్‌వర్డ్ మార్చకపోయినా ఖాతాలో అడుగుపెట్టే అవకాశం ఉంది. ఈ రోజుల్లో చాలా కంపెనీలు ఉత్తరంలోని లింకులోనే గుర్తింపు సంకేతం దాచి పంపుతాయి. ‘మీ ఆర్డరు చూడండి’, ‘మీ పాలసీ డౌన్‌లోడ్ చేసుకోండి’ అనే బొత్తాం నొక్కగానే పాస్‌వర్డ్ అడగకుండా నేరుగా ఖాతా తెరుచుకుంటుంది. అలా పొరపాటున తెరుచుకుంటే ఏదీ చదవకుండా, ఏదీ మార్చకుండా లాగవుట్ చేసి, తేదీ సమయం రాసి పెట్టుకోండి. తరువాత కంపెనీకి రాసే ఉత్తరంలో ఆ సంగతి దాచకుండా చెప్పండి.

‘మీ ఈమెయిల్‌ను ధ్రువీకరించండి’ అనే బొత్తాం కూడా నొక్కకూడదు. అది నొక్కితే ఈ చిరునామా సరైనదేనని కంపెనీకి మీరే చెప్పినట్టు అవుతుంది, ఆ తరువాత తీసివేయించడం రెట్టింపు కష్టమవుతుంది. దానికి భిన్నంగా కొన్ని ఉత్తరాల అడుగున ‘ఈ ఖాతా నాది కాదు’ అనే అర్థం వచ్చే లింకు ఉంటుంది. రెండవ అడుగులో చెప్పిన పరీక్షలో ఉత్తరం నిలిచి, లింకు కూడా అదే డొమైన్‌కు వెళుతుంటే దాన్ని నిస్సందేహంగా వాడుకోవచ్చు. అయితే ఆ పేజీ మిమ్మల్ని లాగిన్ కమ్మని అడిగితే అక్కడితో ఆగిపోవాలి.

బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు పంపే పీడీఎఫ్ స్టేట్‌మెంట్లకు తాళం ఉంటుంది. ఆ తాళం తరచుగా పేరులోని మొదటి నాలుగు అక్షరాలూ, పుట్టిన తేదీ కలిపి చేసిందే. పుట్టిన తేదీ మరొక ఉత్తరంలో దొరకవచ్చు కూడా. అది తెరవడం మన పని కాదు. తెరవకుండానే ఈ సమస్య పరిష్కారమవుతుంది.

## నాలుగవ అడుగు: రికార్డు ఎవరి చేతిలో ఉందో వారికే రాయడం

నేను మొదట కస్టమర్ కేర్‌కు ఫోను చేశాను. నమోదైన మొబైల్ నంబరు చెప్పమన్నారు. నేను ఖాతాదారును కాను, నా దగ్గర ఆ నంబరు లేదు. అప్పు ఖాతా నంబరు చెప్పమన్నారు, చెప్పాను. పుట్టిన తేదీ చెప్పమన్నారు. అది తెలియకపోతే ముందుకు వెళ్లడం కుదరదన్నారు. మూడోసారి ఫోను చేసినప్పుడు, మీ నంబరు చెప్పండి, దాన్ని ఈ ఖాతాకు జోడించి అభ్యర్థన నమోదు చేస్తాను అన్నారు. నేను చెప్పబోయి ఆగిపోయాను. నా నంబరు ఆ అప్పుకు జోడిస్తే వసూళ్ల విభాగం నుంచి నాకే ఫోన్లు మొదలయ్యేవి. దీనిలో ఆ ఉద్యోగుల తప్పు లేదు. ఫోను చేసినది ఖాతాదారే అన్న లెక్కతో వారి ముందున్న తెర తయారైంది. ఖాతాదారు కాని మనిషికి అందులో చోటు లేదు.

అందుకే ఫోను కాక ఉత్తరం, కస్టమర్ కేర్ కాక గ్రీవెన్స్ ఆఫీసరు, అంటే ఫిర్యాదులు చూసే అధికారి. 2011 నాటి సమాచార భద్రతా నియమాల ప్రకారం, వ్యక్తుల సున్నితమైన సమాచారం సేకరించే ప్రతి కంపెనీ ఒక గ్రీవెన్స్ ఆఫీసరును నియమించి, ఆ పేరునూ సంప్రదించే మార్గాన్నీ వెబ్‌సైటులో పెట్టాలి, ఫిర్యాదును నెలలోపు పరిష్కరించాలి. సాధారణంగా ఈ వివరం వెబ్‌సైటు అట్టడుగున `Privacy Policy` అనే పేజీ చివరలో ఉంటుంది. సామాజిక మాధ్యమాలు, అమ్మకాల వేదికలు వంటి మధ్యవర్తి సంస్థలకు 2021 నియమాలు వర్తిస్తాయి. అవి ఫిర్యాదు అందిందని 24 గంటల్లో తెలియజేసి, ఆ నియమాలు పెట్టిన గడువులోపు పరిష్కరించాలి. యూరప్‌లోనో బ్రిటన్‌లోనో ఉన్న తెలుగువారికి దారి ఇంకా సులువు. అక్కడి డేటా పరిరక్షణ చట్టం తప్పు సమాచారాన్ని సరిదిద్దవలసిన బాధ్యతను కంపెనీ మీదే పెట్టి, మామూలుగా నెల గడువు ఇస్తుంది. మన దేశపు 2023 డేటా పరిరక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల ప్రధాన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు అమలులోకి వస్తాయి.

ఉత్తరాన్ని తప్పు చిరునామాగా నమోదైన ఆ ఈమెయిల్ నుంచే పంపాలి. ఆ పెట్టె మీదేనని చెప్పడానికి అంతకు మించిన రుజువు అక్కరలేదు. `noreply` అని మొదలయ్యే చిరునామాకు బదులు రాస్తే ఎవరూ చదవరు. నేను రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఇంగ్లిషులో రాసినా ఇదే క్రమం ఉంచవచ్చు.

> విషయం: మీ ఖాతాదారు ఈమెయిల్ తప్పుగా నమోదైంది. నా చిరునామాను తొలగించవలసిందిగా అభ్యర్థన.
>
> నేను మీ ఖాతాదారును కాను. 4417తో ముగిసే అప్పు ఖాతాకు సంబంధించిన ఉత్తరాలు జూన్ 3 నుంచి నా ఈమెయిల్‌కు వస్తున్నాయి. ఆ ఖాతాదారు తమ చిరునామాను చెప్పేటప్పుడో, మీ ప్రతినిధి నమోదు చేసేటప్పుడో పొరపాటు జరిగి ఉంటుంది. ఆ ఖాతాలోకి నేను ప్రవేశించలేదు, జత చేసిన పత్రాలను తెరవలేదు.
>
> దయచేసి ఆ ఖాతా నుంచి నా చిరునామాను తొలగించి, ఖాతాదారును వారి ఫోనులో సంప్రదించి సరైన చిరునామా తీసుకోండి. ఆగస్టు 5 నాటి వాయిదా బౌన్స్ నోటీసు కూడా నాకే వచ్చింది కనుక, అది వారికి చేరలేదన్న సంగతి గమనించండి. ఖాతాదారు వివరాలేవీ నాకు అవసరం లేదు. తొలగించిన తరువాత ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి.

మొదటి వాక్యమే అన్నిటికన్నా ముఖ్యం. అది లేకపోతే మీ ఉత్తరం మళ్లీ ఖాతాదారుల వరుసలోకే పోయి, నమోదైన మొబైల్ నంబరు చెప్పమనే జవాబే తిరిగి వస్తుంది. ఖాతా నంబరు మొత్తం రాయనక్కరలేదు, చివరి నాలుగు అంకెలు, ఉత్తరం వచ్చిన తేదీ, సమయం చాలు. వచ్చిన పీడీఎఫ్‌ను తిరిగి జతచేయవద్దు, ఆమె కాగితాన్ని మరొక చోటికి పంపినట్టవుతుంది. మీ ఆధార్, పాన్, ఫోను నంబరు అడిగితే ఇవ్వవద్దు. ఒక చిరునామాను తీసివేయడానికి అవి అక్కరలేదని, ఆ చిరునామా నుంచి రాయడమే రుజువని మర్యాదగా చెప్పండి.

ఆగస్టు 18న ఈ ఉత్తరం పంపాను. పన్నెండవ రోజున చిరునామా తొలగించామని జవాబు వచ్చింది. అప్పటిదాకా ఫోన్లలో తేలనిది ఒక్క ఉత్తరంతో తేలింది.

## ఐదవ అడుగు: ఒకే దరఖాస్తు, పలు రికార్డులు

అప్పు ఉత్తరాలు ఆగాయి, బీమా ఉత్తరాలు ఆగలేదు. అప్పుడు గానీ నాకు అసలు సంగతి బోధపడలేదు. షోరూమ్‌లో నింపిన ఒకే కాగితం నుంచి నా చిరునామా మూడు చోట్లకు వెళ్లింది: అప్పిచ్చిన కంపెనీకి, బండికి బీమా చేసిన కంపెనీకి, సర్వీసింగ్ చూసే డీలరుకు. అవి మూడు వేరు సంస్థలు, మూడు వేరు రికార్డులు. ఒకచోట దిద్దితే మరొకచోట దిద్దుబాటు కాదు.

కాబట్టి మొదటి జవాబు వచ్చాక రెండు వారాలపాటు ఏయే డొమైన్ల నుంచి ఇంకా వస్తున్నాయో రాసుకుని, ఒక్కొక్కరికీ విడిగా అదే ఉత్తరం పంపాలి. బీమా కంపెనీ తొమ్మిది రోజుల్లో సరిచేసింది. డీలరుకు గ్రీవెన్స్ ఆఫీసరు లేరు. షోరూమ్ నంబరుకు ఫోను చేసి, మేనేజరుతో మాట్లాడి, బండి నంబరు చెబితే నేను ఫోనులో ఉండగానే తీసేశామన్నారు. చిన్న సంస్థల దగ్గర ఫోనే పనిచేస్తుంది.

ప్రచార ఉత్తరాల అడుగున ఉండే `Unsubscribe` తో పని అయిపోయిందనుకోవద్దు. అది ప్రకటనలను మాత్రమే ఆపుతుంది. వాయిదా నోటీసులు, ఓటీపీలు, పాలసీ పత్రాలు అలాగే వస్తూ ఉంటాయి, ఎందుకంటే ఖాతాలో మీ చిరునామా అలాగే ఉంది. ఆ ఉత్తరాలను స్పామ్ అని గుర్తు పెట్టడం ఇంకా నష్టం. అదే కంపెనీలో రేపు మీకే ఖాతా ఉంటే మీ ఉత్తరాలు కూడా స్పామ్‌లోకి పోతాయి.

## ఆ మనిషిని నేరుగా పిలవవచ్చా?

ఉత్తరంలో ఫోను నంబరు పూర్తిగా కనిపించినా, మామూలు సమయంలో కంపెనీ ద్వారానే వెళ్లడం మేలు. తెలియని మనిషి ఫోను చేసి మీ అప్పు నంబరు నాకు తెలుసు అంటే ఎవరైనా భయపడతారు, భయపడాలి కూడా. అయితే రేపటి రైలు టికెట్టు, రద్దయిన విమానం, ఆసుపత్రి పరీక్ష ఫలితం వంటివి వస్తే నెల గడువు ఉన్న పద్ధతి పనికిరాదు. అప్పుడు ఒక చిన్న సందేశం పంపవచ్చు: ‘మీ ఫలానా బుకింగ్‌లో ఈమెయిల్ తప్పుగా ఉంది, ఉత్తరాలు నాకు వస్తున్నాయి. దయచేసి మీ యాప్‌లోనో కౌంటరులోనో సరిచూసుకోండి.’ అంతకు మించి వద్దు. ఓటీపీ అడగకూడదు, లింకు పంపకూడదు, ‘మీరు చెప్పండి, నేను మారుస్తాను’ అని అనకూడదు. ఆ మూడింటిలో ఏది చేసినా మీ మాట మోసగాడి మాటలాగే వినిపిస్తుంది.

## ఎవరో మీ చిరునామాను రికవరీ ఈమెయిల్‌గా పెడితే

ఇది వేరు రకం, దీనికి మాత్రం వెంటనే కదలాలి. తమ గూగుల్ ఖాతాకు రికవరీ చిరునామాగా ఎవరైనా మీ చిరునామా ఇస్తే, గూగుల్ నుంచి ఆ సంగతి చెబుతూ ఉత్తరం వస్తుంది. ఆ ఖాతా మీకు తెలియకపోతే మీ చిరునామాను విడదీయడానికి లింకు అందులోనే ఉంటుంది. ఉత్తరం నిజమైనదని తేలాక దాన్ని వాడుకోండి. వారు ఆ ఖాతా పాస్‌వర్డ్ మరచిపోతే దాని తాళంచెవి మీ పెట్టెలోకి వస్తుంది. అంత బరువు మీ దగ్గర ఉండకూడదు, వారి ఫొటోలు, పత్రాలు అపరిచితుల చేతికి అందే స్థితిలో ఉండకూడదు.

## ఎదురుచూసే రోజుల్లో ఉత్తరాలను ఎక్కడ ఉంచాలి

జవాబు వచ్చేదాకా ఉత్తరాలను చెరిపివేయకండి, అవే మీ రుజువులు. అలాగని రోజూ కళ్లముందు ఉండనవసరమూ లేదు. జీమెయిల్ వెతుకుపెట్టెలో ఇలా రాసి, దాని నుంచే ఫిల్టర్ తయారు చేసుకోవచ్చు:

```
from:(example.com) "4417"
```

పంపినవారి డొమైన్ ఒక్కటే ఇస్తే, అదే కంపెనీలో మీకున్న ఖాతా ఉత్తరాలు కూడా కనబడకుండా పోతాయి. అందుకే ఆ ఖాతాను గుర్తించే అంకెలను ఉత్తరంలో కనిపించిన రూపంలోనే మొత్తంగానో, ఉత్తరంలో పిలిచే పేరునో కొటేషన్ గుర్తుల మధ్య తప్పక చేర్చాలి. ఫిల్టర్‌లో `Skip the Inbox`, `Apply the label` ఎంచుకుని, `Delete it` వదిలేయండి. లేబుల్‌కు కంపెనీ పేరు, మీరు ఫిర్యాదు చేసిన తేదీ పెట్టుకుంటే గడువు లెక్క చూసుకోవడం తేలిక.

అదే కంపెనీలో మీరు సొంతంగా ఖాతా తెరవబోతే, ఈ చిరునామా ఇప్పటికే నమోదైందని తెర చెప్పవచ్చు. అప్పుడు కూడా ఆ ఖాతాను స్వాధీనం చేసుకునే ఆలోచన వద్దు. తాత్కాలికంగా `peruinti+nenu@gmail.com` లాంటి రూపం ఇవ్వండి. కూడిక గుర్తు తరువాత ఏం రాసినా ఉత్తరం మీ పెట్టెకే వస్తుంది, చాలా వెబ్‌సైట్లు దాన్ని వేరు చిరునామాగా తీసుకుంటాయి. కూడిక గుర్తును ఒప్పుకోని చోట చుక్క చేర్చిన రూపం పనికివస్తుంది.

అన్ని కంపెనీల నుంచి రాతపూర్వక జవాబులు వచ్చి, ఒక వాయిదా చక్రం, అంటే పూర్తిగా ఒక నెల, ఉత్తరాలేవీ రాకుండా గడిచాక ఆ లేబుల్ తెరిచి, కంపెనీల జవాబులను మాత్రం ఉంచుకుని, ఆ వ్యక్తి స్టేట్‌మెంట్లు, పాలసీలు, నోటీసులు అన్నీ తీసివేయండి. జీమెయిల్ చెత్తబుట్టలో అవి ఇంకా 30 రోజులు ఉంటాయి కనుక దాన్ని కూడా అప్పుడే ఖాళీ చేయండి. ఫోనులో డౌన్‌లోడ్ అయిన పీడీఎఫ్ ఏదైనా మిగిలిందేమో చూసి తొలగించండి. నేను అక్టోబరు చివర ఆ పని చేశాను. ఫిల్టర్‌ను మాత్రం ఇంకో ఏడాది అలాగే ఉంచాను, ఎందుకంటే బీమా ఏడాదికోసారి పునరుద్ధరణకు వస్తుంది, పాత చిరునామా ఎక్కడైనా మిగిలి ఉంటే అది బయటపడేది అప్పుడే.